అన్నంలో పప్పా, ఇసుకా?

‘అమ్మ వడ్డించగానే పిల్లవాడు వేడివేడి అన్నంలో...’

ఇక్కడిదాకా చదివి ఆగితే, తర్వాతి మాట ఏమై ఉంటుందో తెలుగు వచ్చిన ఎవరైనా ఊహించగలరు. పప్పు కావచ్చు, పెరుగు కావచ్చు, పచ్చడి అయినా కావచ్చు. ఇసుక మాత్రం కాదు. కానీ ‘కాదు’ అని ఎంత గట్టిగా అనగలం? అల్లరి పిల్లలున్న ఇంట్లో అదీ జరగవచ్చు. అసాధ్యమేమీ కాదు, చాలా అరుదు, అంతే. ఈ ‘చాలా అరుదు’ను ఒక అంకెగా చెప్పాలంటే ఏం చేయాలి?

కంప్యూటర్లలో నడిచే భాషా మోడళ్లకు ప్రతి మాట దగ్గరా ఎదురయ్యే ప్రశ్న ఇది. అప్పటివరకూ ఉన్న వాక్యాన్ని చదివి, మోడల్ తన పదకోశంలో ఉన్న ప్రతి మాటకూ ఒక మార్కు వేస్తుంది. ఆ రంగంలో ఉన్నవాళ్లు ఈ మార్కుల్ని లాజిట్లు అంటారు. బడిలో వేసే మార్కులకు కింద సున్నా, పైన వంద అనే హద్దులుంటాయి. వీటికి ఏ హద్దూ లేదు. 14 రావచ్చు, 0.3 రావచ్చు, మైనస్ 9 కూడా రావచ్చు. ఆ మార్కుల్ని తీసుకుని, అన్నీ కలిపితే సరిగ్గా వంద శాతం అయ్యేలా పంచిపెట్టే లెక్క పేరు సాఫ్ట్‌మ్యాక్స్. ఆ పంపకాన్ని పదును చేయడానికో, చదును చేయడానికో వాడే ఒక్క అంకె పేరు టెంపరేచర్. తెలుగులో చెప్పాలంటే ఉష్ణోగ్రత. మాటల లెక్కలోకి వేడి ఎలా వచ్చిందన్నది కాసేపట్లో చూద్దాం.

ముందు లెక్క. పదకోశంలో నాలుగే మాటలున్నాయనుకుందాం. పప్పుకు 4, పెరుగుకు 3, పచ్చడికి 2, ఇసుకకు మైనస్ 2 మార్కులు వచ్చాయనుకుందాం. ఎవరికైనా మొదట తట్టేది మామూలు భాగహారమే. మొత్తం మార్కులు 7, పప్పువి 4, కనుక పప్పుకు 57 శాతం. పెరుగుకు 43, పచ్చడికి 29. ఈ మూడే వంద దాటిపోయాయి, ఎందుకంటే ఇసుకకు మైనస్ 29 శాతం వచ్చింది. మైనస్ 29 శాతం అవకాశం అన్న మాటకు అర్థం లేదు.

పైకి కనిపించని చిక్కు ఇంకొకటుంది. మార్కులు వేసేవాడు అందరికీ తలో వంద కలిపేశాడనుకోండి. అప్పుడు 104, 103, 102, 98 అవుతాయి. పప్పుకు, ఇసుకకు మధ్య తేడా అప్పుడూ ఆరే, ఇప్పుడూ ఆరే. కానీ ఇప్పుడు భాగహారం చేస్తే అందరికీ ఇంచుమించు పాతిక శాతం చొప్పున వస్తుంది. ఇసుక వెళ్లి పప్పు పక్కన కూర్చుంటుంది. మార్కుల మధ్య తేడాయే అసలు సంగతి అయినప్పుడు, తేడా మారకుండానే ఫలితం మారిపోయే పద్ధతి పనికిరాదు.

సాఫ్ట్‌మ్యాక్స్ ఈ రెండు చిక్కుల్నీ ఒకే ఎత్తుతో తీరుస్తుంది. మార్కుల్ని నేరుగా పంచకుండా, ముందు e అనే సంఖ్యకు వాటిని ఘాతాలుగా ఎక్కిస్తుంది. e అంటే సుమారు 2.718. రూపాయికి ఏడాదికి నూరు శాతం వడ్డీ చొప్పున, ఆ వడ్డీని క్షణక్షణానికీ అసలులో కలిపేస్తూ పోతే, ఏడాది చివర ఆ రూపాయి 2.718 రూపాయలవుతుంది. చక్రవడ్డీకి పైహద్దు లాంటి సంఖ్య ఇది.

పప్పు మార్కు 4 కాబట్టి e ను నాలుగుసార్లు గుణిస్తే 54.6. పెరుగుది మూడు, కనుక 20.1. పచ్చడిది రెండు, 7.4. ఇసుకది మైనస్ రెండు, అంటే రెండుసార్లు భాగించాలి, 0.135. ఎంత పెద్ద మైనస్ మార్కైనా ఈ మెట్టు దాటాక సున్నాకు పైనే ఉంటుంది. ఇప్పుడు నాలుగూ కూడితే 82.2. ఒక్కోదాన్నీ 82.2తో భాగిస్తే పప్పుకు 66.4 శాతం, పెరుగుకు 24.4, పచ్చడికి 9, ఇసుకకు 0.16. ఇసుక వాటా అంటే సుమారు ఆరువందల్లో ఒక వంతు. ‘చాలా అరుదు’కు ఇప్పుడొక అంకె దొరికింది.

ఇందులో గమనించాల్సింది, మార్కుల తేడా కాస్తా రెట్లుగా మారిపోవడం. ఒక్క మార్కు ఎక్కువుంటే 2.718 రెట్లు ఎక్కువ అవకాశం. రెండు మార్కులు ఎక్కువుంటే 7.4 రెట్లు. ఆ ఇద్దరి మార్కులూ పదుల్లో ఉన్నాయా, వేలల్లో ఉన్నాయా అన్నదాంతో పని లేదు. అందరికీ తలో వంద కలిపితే పైనా కిందా ఒకే గుణకం పడి కొట్టుకుపోతుంది, శాతాలు అణువంత కూడా కదలవు. ఈ గుణాన్ని గుర్తుంచుకోవాలి. దీని వల్ల వచ్చే మేలు ఉంది, కీడూ ఉంది. కీడు చివర్లో చెప్పుకోవాల్సి వస్తుంది.

పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవచ్చు. అందరిలో పెద్ద మార్కు ఎవరిదో చూసి వంద శాతమూ వాళ్లకే కట్టబెడితే అది ‘మ్యాక్స్’, కరుకు ఎంపిక. మొదటివాడికి పెద్ద వాటా ఇస్తూనే మిగతావాళ్లకూ ఎంతో కొంత మిగిల్చేది దాని మెత్తని రూపం, అందుకే ‘సాఫ్ట్’. ఈ పేరు పెట్టింది బ్రిటన్‌లో మాటల్ని గుర్తించే యంత్రాల మీద పనిచేసిన జాన్ బ్రైడల్, 1980ల చివర్లో. పేరు కొత్తదే గానీ లెక్క పాతది. అప్పటికే దాని వయసు నూరేళ్లు దాటింది.

ఆ పాత లెక్క గాలి గురించి. భూమి గాలిని తన వైపు లాగుతూనే ఉంటుంది కదా, మరి గాలి మొత్తం నేల మీద పొరలా పేరుకుపోదేం? ఆస్ట్రియా శాస్త్రవేత్త లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ 1868 నుంచి ఇలాంటి ప్రశ్నల మీద పనిచేశాడు. గాలి అణువు ఎంత ఎత్తున ఉంటే దానికి అంత ఎక్కువ శక్తి కావాలి. ఆ ఎత్తున అణువు కనపడే అవకాశం ఎంతో చెప్పే సూత్రంలో ఇదే e ఉంది, దాని మీద మైనస్ గుర్తుతో శక్తి ఉంది, ఆ శక్తిని భాగిస్తూ ఉష్ణోగ్రత ఉంది. సుమారు ఐదున్నర కిలోమీటర్లు పైకి వెళితే గాలి ఒత్తిడి సగానికి పడిపోతుంది. 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరం మీద సముద్ర మట్టంలో ఉన్నదానిలో మూడో వంతే ఉంటుంది. మెట్టు మెట్టుకూ ఇంత చొప్పున తీసేస్తూ పోవడం కాదిది, ప్రతి మెట్టుకూ ఇన్నో వంతుకు తగ్గిపోవడం. పప్పు, పెరుగు, పచ్చడి వాటాలు తగ్గినట్టే.

గాలి వేడెక్కితే అణువులు ఇంకా పైపైకి చెదిరిపోతాయి. చల్లబడితే కిందికి చేరతాయి. మాటల లెక్కలో టెంపరేచర్ అన్న పేరు సరిగ్గా ఇక్కడినుంచే వచ్చింది. 1980లలో డేవిడ్ ఆక్లీ, జెఫ్రీ హింటన్, టెరెన్స్ సెజ్నోవ్‌స్కీ తాము రూపొందించిన న్యూరల్ నెట్‌వర్క్‌కు ‘బోల్ట్‌జ్‌మన్ మెషీన్’ అనే పేరే పెట్టారు.

టెంపరేచర్ చేసే పని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: మార్కుల్ని e మీదికి ఎక్కించే ముందు, అన్నింటినీ ఆ అంకెతో భాగించాలి. అంకె 1 అయితే మార్కులు మారవు, మనం చేసిన లెక్కే వస్తుంది. అంకె 0.5 అనుకుంటే 4 కాస్తా 8 అవుతుంది, 3 కాస్తా 6, 2 కాస్తా 4, మైనస్ 2 కాస్తా మైనస్ 4. తేడాలన్నీ రెట్టింపయ్యాయి. ఇప్పుడు లెక్క కడితే పప్పుకు 86.7 శాతం, పెరుగుకు 11.7, పచ్చడికి 1.6. ఇసుక అవకాశం లక్షా ఎనభై ఏడు వేలలో ఒక వంతుకు పడిపోతుంది. ఇది పదును.

అదే అంకె 2 అయితే తేడాలు సగమవుతాయి. పప్పు 49.4 శాతానికి దిగుతుంది. పెరుగు 30కి, పచ్చడి 18కి ఎగబాకుతాయి. ఇసుకకు 2.5 శాతం, అంటే నలభై సార్లలో ఒకసారి. ఇది చదును.

ఈ మూడు లెక్కల్లోనూ వరుస మారలేదు. ఎంత వేడి చేసినా పెరుగు పప్పును దాటదు. టెంపరేచర్‌కు ఎవరు ముందో, ఎవరు వెనకో మార్చే శక్తి లేదు. వాళ్ల మధ్య దూరాన్ని సాగదీయగలదు, కుదించగలదు, అంతవరకే. అంకె సున్నాకు దగ్గరయ్యే కొద్దీ వంద శాతమూ పప్పుదే అవుతుంది. సరిగ్గా సున్నా పెడితే సున్నాతో భాగహారం కాబట్టి లెక్క కుదరదు. అందుకే చాలా ప్రోగ్రాముల్లో సున్నా అని రాస్తే ‘పెద్ద మార్కు ఉన్నదాన్నే తీసుకో’ అని అర్థం చేసుకునేలా విడిగా ఏర్పాటుంటుంది. ఇక అంకెను ఎంతో పెద్దది చేస్తే పప్పుకూ ఇసుకకూ తేడా చెరిగిపోయి అందరికీ సమాన వాటా వస్తుంది.

ఈ లెక్కంతా కంప్యూటర్‌లో నాలుగు వరుసల పని. పైథాన్ తెలిసినవాళ్లు ఇలా రాసి చూసుకోవచ్చు.

```python
import numpy as np

def softmax(z, T=1.0):
    z = np.array(z) / T
    z = z - z.max()
    e = np.exp(z)
    return e / e.sum()

print(softmax([4, 3, 2, -2], T=0.5))
```

ఇందులో `z - z.max()` అన్న వరుస కొత్తగా చూసేవాళ్లకు అనవసరం అనిపిస్తుంది. పెద్ద మార్కును అందరి దగ్గరా తీసేయడం దేనికి? శాతాలు మారవన్నది నిజమే, అందరికీ వంద కలిపినప్పుడు ఎలా మారలేదో అలాగే. కానీ ఆ వరుస లేకపోతే ప్రోగ్రాం ఒకనాడు మొరాయిస్తుంది. ఘాతాలు అంత వేగంగా పెరుగుతాయి. పైథాన్ మామూలుగా వాడే 64 బిట్ల సంఖ్యల్లో e మీద 709 దాకా ఎక్కించవచ్చు. 710 పెడితే జవాబు పట్టక `inf` అని వస్తుంది. అనంతాన్ని అనంతంతో భాగిస్తే `nan`, అంటే సంఖ్యే కాదు. 32 బిట్ల సంఖ్యల్లో ఈ హద్దు 88 దగ్గరే వచ్చేస్తుంది. పెద్ద మార్కును ముందే తీసేస్తే అందరిలోకీ పెద్దది సున్నా అవుతుంది, మిగతావి మైనస్‌లో ఉంటాయి, ఏదీ పొంగిపోదు. శాతాల బదులు తెర మీద `nan` కనిపిస్తే ముందుగా చూడాల్సింది ఈ వరుస ఉందా లేదా అన్నదే.

ఇప్పటిదాకా చూసిన పదకోశంలో నాలుగే మాటలు. అసలు కథ పదకోశం పెద్దదైనప్పుడు మొదలవుతుంది.

2019లో వచ్చిన జీపీటీ-2 అనే మోడల్ పదకోశంలో 50,257 ముక్కలున్నాయి. ఒక్కో మాట దగ్గరా ఆ యాభై వేల పైచిలుకు ముక్కలకూ మార్కు పడుతుంది, ఒక్కదాన్నీ వదలదు. కనుక మన ఉదాహరణలో ఆ నాలుగు మాటలతో పాటు ఇంకో యాభై వేల మాటలున్నాయనుకుందాం. వేడి అన్నంలో అనగానే ‘రిజిస్ట్రారు’, ‘త్రికోణం’, ‘మంగళవారం’ లాంటివన్న మాట. ఏ ఒక్కదానికీ అక్కడ చోటు లేదు. అందుకని అన్నింటికీ మైనస్ 10 వేద్దాం. నిజం మోడల్ అందరికీ ఒకే మార్కు వేయదు, లెక్క కళ్లకు కట్టడానికి ఇలా అనుకుంటున్నాం.

టెంపరేచర్ 1 దగ్గర వీటిలో ఒక్కోదాని విలువ 0.000045. పప్పు 54.6 ముందు అది లెక్కలోకే రాదు. కానీ యాభై వేలతో గుణిస్తే 2.27. మొత్తంలో అది 2.7 శాతం. నూరు మాటల్లో రెండు మూడు సార్లు ఈ గుంపులోంచి ఏదో ఒకటి ఊడిపడుతుంది. ఒక పేరాలో యాభై మాటలుంటే, అందులో కనీసం ఒక్కటైనా ఇలాంటి అడ్డదిడ్డపు మాట దొర్లే అవకాశం 74 శాతం.

టెంపరేచర్‌ను 1.2 చేస్తే గుంపు వాటా 21 శాతమవుతుంది. 1.5 చేస్తే 71 శాతం. 2 చేస్తే 96 శాతం.

ఈ అంకెల దగ్గర కాస్త ఆగాలి. ఇందాక నాలుగు మాటలతో చూసినప్పుడు టెంపరేచర్ 2 పెద్ద ప్రమాదంలా కనపడలేదు. పప్పు 66 నుంచి 49కి దిగింది, వరుస చెడలేదు, ఫరవాలేదు అనిపించింది. ఇప్పుడూ వరుస చెడలేదు. విడివిడిగా చూస్తే ఆ యాభై వేలలో ఏ ఒక్కటీ పచ్చడికి దరిదాపుల్లోకి రాదు. అయినా గెలిచింది గుంపే. టెంపరేచర్ పెంచితే రాత మెల్లమెల్లగా వింతగా మారుతుందనుకునేవాళ్లకు ఎదురయ్యే ఆశ్చర్యం ఇదే. 1 నుంచి 1.2 దాకా కొంచెం కొత్తదనం వస్తుంది, 1.5 దగ్గరకు వచ్చేసరికి వాక్యం వాక్యంలా ఉండదు. మధ్యలో ఎక్కడో కట్ట తెగుతుంది.

బోల్ట్‌జ్‌మన్ లెక్కలో దీనికి సరిజోడు మంచు కరగడం. మంచుగడ్డలో నీటి అణువులు ఒక క్రమంలో అమరి ఉంటాయి. ఆ అమరికకు కావాల్సిన శక్తి తక్కువ, కనుక అది ఎక్కువ మార్కులు తెచ్చుకున్న మాటలాంటిది. నీటిలో అణువులు అడ్డదిడ్డంగా ఉంటాయి. అలాంటి అమరిక ఒక్కోదానికీ శక్తి ఎక్కువ కావాలి, కానీ అలాంటి అమరికలు లెక్కకు అందనన్ని ఉన్నాయి. చలిలో మార్కుదే పైచేయి. వేడి ఒక హద్దు దాటగానే సంఖ్యదే పైచేయి. మామూలు ఒత్తిడి దగ్గర ఆ హద్దు సున్నా డిగ్రీల సెల్సియస్. మంచు కాస్త కాస్త మెత్తబడుతూ నీరైపోదు, ఆ డిగ్రీ దగ్గర కరుగుతుంది. వాక్యం కరగడంలో అంత నిక్కచ్చి గీత ఉండదు గానీ, కారణం మాత్రం ఒకటే: బలహీనుల సంఖ్య.

తెలుగు రాయించేవాళ్లకు ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. జీపీటీ-2 లాంటి మోడళ్ల పదకోశం ఎక్కువగా ఇంగ్లీషు పాఠం చూసి తయారైంది. అందులో తెలుగు మాటలు నిండుగా ఉండవు. కంప్యూటర్‌లో ఒక్కో తెలుగు అక్షర గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. ‘అన్నంలో’ అనే చిన్న మాటలో అ, న, పొల్లు, న, సున్న, ల, ఓత్వం కలిపి ఏడు గుర్తులు, అంటే 21 బైట్లు. మోడల్ దాన్ని ఒక్క పట్టున రాయదు, ముక్కలు ముక్కలుగా పేరుస్తుంది. ప్రతి ముక్కకూ మళ్లీ మార్కులు, మళ్లీ సాఫ్ట్‌మ్యాక్స్, మళ్లీ చీటీ తీయడం. ఒక మాటకు ఐదు ముక్కలు పడితే, ముక్కకు 2.7 శాతం ప్రమాదం కాస్తా మాటకు దాదాపు 13 శాతం అవుతుంది. ఇంగ్లీషులో చక్కగా నడిచిన టెంపరేచర్ దగ్గరే తెలుగులో ‘అన్నం’ మధ్యలో వేరే లిపి గుర్తు దూరడం, ఒత్తు ఒంటరిగా మిగలడం కనపడితే, అనుమానించాల్సింది భాషను కాదు. ఒక్కో మాటకు ఎన్ని చీటీలు తీయాల్సి వస్తోందో ముందు చూడాలి. ఇటీవలి పదకోశాల్లో తెలుగుకు చోటు పెరిగిన కొద్దీ ఈ ఇబ్బంది తగ్గుతుంది.

మరి గుంపును ఆపేదెలా? టెంపరేచర్ తగ్గించేయవచ్చు. మన లెక్కలో 0.5 దగ్గర గుంపు వాటా మూడు కోట్లలో ఒక వంతు. కానీ ఆ చివర ఇంకో జబ్బు కాచుకుని ఉంది. ఎప్పుడూ పెద్ద మార్కు మాటనే పట్టుకునే రాత, ఒకసారి రాసిన వాక్యాన్నే మళ్లీ మళ్లీ రాస్తూ సుడిలో పడుతుంది. రాసిన వాక్యం తిరిగి మోడల్‌కు చదువుకునే పాఠం అవుతుంది కనుక, అదే వాక్యానికి మళ్లీ మార్కులు పెరుగుతాయి. ఒకే పేరా గిర్రున తిరగడం మొదలైందంటే టెంపరేచర్ మరీ తక్కువైందన్న గుర్తు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆరి హోల్ట్జ్‌మన్, ఆయన సహచరులు 2019లో ఈ జబ్బును వివరంగా పరిశీలించి ఒక మందు చెప్పారు. అది తోకను కోసేయడం.

మాటల్ని పెద్ద వాటా నుంచి చిన్న వాటాకు వరుసగా పేర్చి, పైనుంచి కూడుతూ రావాలి. మొత్తం 95 శాతం దాటగానే ఆపి, మిగిలినవన్నీ పారేయాలి. దీన్ని టాప్-పి అంటారు. మన ఉదాహరణలో టెంపరేచర్ 1 దగ్గర పప్పుకు 64.6, పెరుగుకు 23.8, రెండూ కలిపి 88.4. పచ్చడి 8.7 కలిపితే 97 దాటింది, చాలు. ఇసుకతో సహా యాభై వేల మాటలూ వెళ్లిపోయాయి. మిగిలిన మూడింటి మధ్యే చీటీ తీస్తారు. లెక్కకు అందేంత చక్కటి ఉపాయం.

అయితే ఈ కత్తి పనిచేసే చోటు ఉంది, పనిచేయని చోటూ ఉంది. చాలా ప్రోగ్రాముల్లో ముందు టెంపరేచర్ వేస్తారు, తర్వాతే కోస్తారు. టెంపరేచర్ 2 అయితే పప్పు, పెరుగు, పచ్చడి మూడూ కలిపినా సుమారు 4 శాతమే. 95 శాతం నింపడానికి గుంపులోంచి 47 వేల మాటల్ని లోపలికి రానివ్వాలి. కత్తి ఉంది, కోసింది లేదు. దానికి బదులు ‘పైనున్న నలభై మాటలే’ అని సంఖ్య కట్టుకుని కోస్తే, అంటే టాప్-కె వాడితే, అంత వేడిలోనూ గుంపుకు మిగిలేది 1.6 శాతమే. శాతాన్ని బట్టి కోసే కత్తి వేడికి మొద్దుబారుతుంది, సంఖ్యను బట్టి కోసేది మొద్దుబారదు. వేడి పెంచి చూడాలనుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకుని ఉండాలి.

సాఫ్ట్‌మ్యాక్స్ మాటలు రాయించడానికే కాదు, ఫొటో చూసి ఇది ఫలానా అని చెప్పే మోడళ్ల చివరి మెట్టులోనూ ఉంటుంది. అక్కడ చీటీ తీయడం ఉండదు, శాతమే జవాబు. కనుక ఆ శాతాన్ని నమ్మవచ్చా అన్నది పెద్ద ప్రశ్న. ‘90 శాతం’ అని నూరుసార్లు చెప్పిన మోడల్ దాదాపు 90 సార్లు నిజం కావాలి. 2017లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన చువాన్ గువో, ఆయన సహచరులు పరీక్షించి చూస్తే, అప్పటి లోతైన నెట్‌వర్కులు తమకున్న తెలివికంటే ఎక్కువ ధీమా చూపిస్తున్నాయని తేలింది. వాళ్లు వాడిన మందుల్లో చక్కగా పనిచేసింది అన్నింటిలోకీ చిన్నది: నేర్పడానికి వాడని కొన్ని ఉదాహరణల మీద, చెప్పిన శాతం నిజంతో సరిపోయేదాకా టెంపరేచర్‌ను సవరించడం. ఒక్క అంకె. వరుస మారదు కనుక మోడల్ చెప్పే జవాబు మారదు, దాని ధీమా మాత్రం దారికొస్తుంది.

కానీ ఈ మందుకు లొంగని జబ్బు ఒకటుంది. ఇందాక గుర్తుంచుకోమన్న కీడు ఇదే.

వరి ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే ఒక మోడల్ ఉందనుకుందాం. దానికి మూడే తెగుళ్లు నేర్పారు: అగ్గి తెగులు, పాముపొడ తెగులు, ఎండాకు తెగులు. అగ్గి తెగులు పట్టిన ఆకు స్పష్టంగా చూపిస్తే మార్కులు 6, 3, 3 వచ్చాయి. మూడు మార్కుల తేడా అంటే ఇరవై రెట్లు. సాఫ్ట్‌మ్యాక్స్ చేస్తే అగ్గి తెగులుకు 91 శాతం. బాగానే ఉంది. ఇప్పుడు రైతు జింకు లోపంతో తుప్పు రంగు మచ్చలు పడ్డ ఆకు ఫొటో తీశాడు. మోడల్‌కు అది తెలియనే తెలియదు. తెలిసిన మూడింటిలో దేన్నీ పోలలేదు కనుక మార్కులన్నీ పాతాళంలో పడ్డాయి: మైనస్ 6, మైనస్ 9, మైనస్ 9. సాఫ్ట్‌మ్యాక్స్ వీటిని కూడా అదే కళ్లతో చూస్తుంది. తేడా మూడే కదా. జవాబు మళ్లీ అగ్గి తెగులు, మళ్లీ 91 శాతం.

మొదటి ఆకుకు వచ్చిన 91, రెండో ఆకుకు వచ్చిన 91 ఒకేలా కనిపిస్తాయి. ‘ఇది నాకు తెలిసినదే’ అనే సంగతి మార్కుల ఎత్తులో ఉంది, ఆ ఎత్తును సాఫ్ట్‌మ్యాక్స్ ముందే తుడిచేసింది. టెంపరేచర్ 2 చేసి చూసినా రెండింటికీ 69 శాతమే వస్తుంది, తేడా బయటపడదు. అందరికీ వంద కలిపినా శాతాలు చెక్కుచెదరకపోవడం మొదట్లో వరంగా కనిపించింది. ఇక్కడ అదే, పైరుకు జింకు సల్ఫేటు అందాల్సిన చోట తెగులు మందు కొట్టించేస్తుంది.

కాబట్టి ఇలాంటి మోడళ్లను పొలానికి పంపేముందు జాగ్రత్త తెలిసినవాళ్లు శాతాన్ని ఒక్కదాన్నే చూసి ఊరుకోరు. సాఫ్ట్‌మ్యాక్స్‌లోకి వెళ్లకముందు ఉన్న మార్కుల్ని కూడా దాచి ఉంచుతారు. అన్నింటిలోకీ పెద్ద మార్కు కూడా ఒక గీత కింద ఉంటే తెగులు పేరు చెప్పకుండా, ఆకును మనిషికి చూపించమని చెప్పేలా ఏర్పాటు చేస్తారు. కొందరు జింకు లోపం, పురుగు కొట్టిన ఆకు, ఆరోగ్యంగా ఉన్న ఆకు ఫొటోల్ని పోగుచేసి ‘ఈ మూడూ కాదు’ అని నాలుగో వరుస నేర్పుతారు. అప్పుడు ఆ తుప్పు మచ్చల ఆకు నాలుగో వరుసకు 2 మార్కులు తెచ్చినా చాలు. మైనస్ 6 వచ్చిన అగ్గి తెగులుకు, దానికి మధ్య ఎనిమిది మార్కుల తేడా, దాదాపు మూడు వేల రెట్లు. అగ్గి తెగులు 91 శాతం నుంచి 0.03 శాతానికి దిగిపోతుంది.